31,200 కాదు, 62,400: లెక్క తప్పిన మెయిల్‌ను దిద్దే పద్ధతి

జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. ఏటా ఈ నాలుగు తేదీలకు ముందు ఆడిటర్ ఆఫీసుల నుంచి వ్యాపారులకు మెయిళ్లు వెళ్తుంటాయి. ‘ఈ విడత అడ్వాన్స్ ట్యాక్స్ ఇంత, ఈ తేదీలోగా కట్టండి’ అని నాలుగైదు వాక్యాలు ఉంటాయి. టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన ఆదాయపు పన్ను పది వేల రూపాయలు, అంతకు మించి ఉంటే ఆ పన్నును ఏడాది ముగిసేదాకా ఆగకుండా విడతలుగా కట్టాలన్నది నియమం. జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబర్ 15 నాటికి 45 శాతం, డిసెంబర్ 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి నూరు శాతం ఖజానాకు చేరాలి.

మెయిల్ అందుకున్న వ్యాపారి సాధారణంగా లెక్క చూడడు. అంకె చూస్తాడు. దాన్ని తన గుమాస్తాకు వాట్సాప్‌లో పంపి, ‘ఇది కట్టెయ్’ అంటాడు. ఆడిటర్ గారి మీద ఉన్న నమ్మకం అది. అందుకే ఆ అంకె తప్పిందంటే, అది కాగితం మీద తప్పుగా మిగిలిపోదు. ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలోంచి తప్పు మొత్తంగా బయటికి వెళ్తుంది. తప్పు తెలిశాక రాసే సవరణ మెయిల్‌ను చాలామంది క్షమాపణ లేఖగా భావిస్తారు. నా దృష్టిలో అది ముందుగా ఒక చెల్లింపు సూచన. చదివిన మనిషి మరో ఫోన్ చేయనవసరం లేకుండా ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో, ఇప్పటికే కట్టిన డబ్బు సంగతేమిటో దాని నుంచి తెలుసుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుని ఆ మెయిల్ ఎలా తయారు కావాలో చూద్దాం.

తప్పు ఎలా పుట్టింది

విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. అరవై మంది క్లయింట్లు ఉన్నారు. వారిలో ఒకరు హార్డ్‌వేర్ హోల్‌సేల్ వ్యాపారి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆయన నికర ఆదాయం 20 లక్షలు ఉంటుందని అంచనా. కొత్త పన్ను విధానం ప్రకారం ఆయనకు పడే పన్ను 2 లక్షలు. దాని మీద 4 శాతం సెస్ కలిపితే 2,08,000. జూన్‌లో 15 శాతం చొప్పున 31,200 కట్టేశారు. సెప్టెంబర్ 15 నాటికి మొత్తం 45 శాతం, అంటే 93,600 చేరాలి. జూన్‌లో కట్టింది పోను ఇప్పుడు కట్టాల్సింది 62,400.

సెప్టెంబర్ 9 మంగళవారం ఆ ఆఫీసు అందరికీ మెయిళ్లు పంపింది. ఈయనకు వెళ్లిన మెయిల్‌లో మాత్రం 31,200 అని ఉంది.

కారణం ఎక్సెల్ షీటులో ఉంది. బి కాలమ్‌లో ఏడాది పన్ను, సి కాలమ్‌లో జూన్‌లో కట్టిన మొత్తం. షీటు తయారుచేసిన ఉద్యోగి డి కాలమ్‌లో 45 శాతం లెక్కగట్టి, అక్కడే జూన్ మొత్తాన్ని తీసేశాడు. కాలమ్ పైన మాత్రం ‘సెప్టెంబర్ 45 శాతం’ అని శీర్షిక పెట్టాడు. మెయిళ్లు పంపే పని మరో ఉద్యోగికి వచ్చింది. శీర్షిక చూసి అది పూర్తి 45 శాతం అనుకున్న ఆయన, జూన్ మొత్తాన్ని తీసేయడానికి ఇంకో కాలమ్ కలిపాడు.

```
D2: =B2*45%-C2
E2: =D2-C2
```

జూన్ చలానా రెండుసార్లు తీసివేతకు గురైంది. 62,400 రావాల్సిన చోట 31,200 వచ్చింది.

ఈ తప్పు ఎవరి కంటా పడకపోవడానికి బలమైన కారణం ఉంది. జూన్‌లో సరిగ్గా 15 శాతం కట్టిన వాళ్లందరికీ 45 లోంచి రెండుసార్లు 15 తీసేస్తే మళ్లీ 15 శాతమే మిగులుతుంది. అంటే క్లయింట్‌కు కనిపించిన అంకె, జూన్‌లో తాను కట్టిన అంకె ఒకటే. ‘పోయినసారి ఎంతో ఈసారీ అంతే’ అనుకుని ఆయన తృప్తిగా కట్టేస్తాడు. మరీ పెద్దదో మరీ చిన్నదో అయితే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగేవారు. నమ్మదగినట్టు కనిపించే తప్పును క్లయింట్ పట్టుకోలేడు కనుక, దాన్ని చెప్పాల్సిన భారమంతా ఆఫీసు మీదే ఉంటుంది.

మెయిల్ రాయడానికి ముందు

గురువారం, సెప్టెంబర్ 11న ఒక క్లయింట్ గుమాస్తా ఫోన్ చేసి, రెండో విడత మొదటి విడతకు రెట్టింపు ఉండాలి కదా అని అడిగాడు. అప్పుడు షీటు తెరిచి చూస్తే విషయం బయటపడింది. ఈ క్షణంలో చాలా ఆఫీసులు చేసే పని, తెలిసిన ఒక్క క్లయింట్‌కు వెంటనే సరైన అంకె పంపేసి ఊపిరి పీల్చుకోవడం. రెండో పని, అవుట్‌లుక్‌లో పాత మెయిల్‌ను వెనక్కి రప్పించాలని చూడడం. అవుట్‌లుక్ ఇచ్చే ఆ సదుపాయం ఒకే సంస్థ లోపలి మెయిళ్లకు పనికొస్తుంది తప్ప, బయట జీమెయిల్‌లో ఉన్న క్లయింట్‌కు చేరిన మెయిల్‌ను చెరపలేదు. జీమెయిల్‌లో పంపినదాన్ని ఆపుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 30 సెకన్లు. రెండు రోజుల క్రితం వెళ్లిన అంకె ఇక వెనక్కి రాదు. దాని పక్కన సరైన అంకెను నిలబెట్టడం ఒక్కటే దారి.

ముందుగా తేల్చుకోవాల్సింది, తప్పు ఎవరెవరిని తాకిందన్నది. మన ఉదాహరణలో దీనికి సులువైన గుర్తు ఉంది. జూన్ మొత్తం రెండుసార్లు పోయింది కాబట్టి ప్రతి క్లయింట్ లెక్కలో వచ్చిన తేడా, ఆ క్లయింట్ జూన్‌లో కట్టిన చలానాకు సరిగ్గా సమానం. జూన్‌లో ఏమీ కట్టనివాళ్లకు సున్నాను రెండుసార్లు తీసేసినా తేడా రాదు. వాళ్లకు వెళ్లిన అంకె సరైనదే. జూన్‌లో సగమే, అంటే 15,600 కట్టిన ఇంకొకరు ఉంటే, ఆయన పన్ను కూడా 2,08,000 అయిన పక్షంలో ఇప్పుడు 78,000 కట్టాలి. షీటు ఆయనకు 62,400 చూపిస్తుంది. అందుకే ‘అందరి మొత్తాలూ రెట్టింపు చేసుకోండి’ అని ఒకే మాట అందరికీ పంపడం మరో తప్పవుతుంది. ఎవరి అంకె వారికి విడిగా వెళ్లాలి.

తర్వాత, సరైన అంకెను పాత షీటులోంచే తీయకూడదు. తప్పు చేసిన ఫార్ములాను సరిదిద్ది అదే చోటి నుంచి కొత్త మెయిల్ పంపితే, అందులో ఇంకో తప్పు దాగి ఉండవచ్చు. జూన్‌లో ఎంత కట్టారన్నది ఆదాయపు పన్ను శాఖ చూపించే ఏఐఎస్‌లో ఉంటుంది. మొదటి లెక్కతో సంబంధం లేని మనిషి ఒకరు ఆ మొత్తాన్ని అక్కడి నుంచి తీసుకుని, కాలిక్యులేటర్ మీద కొత్తగా కట్టాలి. చివర ఒక్క పరీక్ష చాలు: జూన్‌లో కట్టింది, ఇప్పుడు కట్టమంటున్నది కలిపితే ఏడాది పన్నులో 45 శాతం రావాలి. 31,200కు 62,400 కలిపితే 93,600. సరిపోయింది. 31,200కు 31,200 కలిపితే 62,400, అంటే 30 శాతమే. ఈ పరీక్ష మొదటి మెయిల్ పంపే ముందే చేసి ఉంటే సవరణ అవసరమే వచ్చేది కాదు.

ఈ జాగ్రత్తకు గంటో రెండు గంటలో పట్టినా ఫరవాలేదు. సవరణకు మళ్లీ సవరణ పంపితే మూడు అంకెల్లో ఏది నమ్మాలో తెలియక క్లయింట్ అసలు కట్టడమే ఆపేస్తాడు. అయితే సాయంత్రం దాటనివ్వకూడదు. ఆ వారం పంచాంగం అలా ఉంది. 12 శుక్రవారం. 13 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. 14 ఆదివారం. 15 సోమవారమే గడువు. కౌంటర్‌లో చెక్కు ఇచ్చి కట్టే అలవాటున్న వ్యాపారికి మిగిలింది శుక్రవారం, సోమవారం మాత్రమే. పైగా ఆ ఏడాది, ఆడిట్ అవసరం లేని వారి ఆదాయపు పన్ను రిటర్నుల గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కే పొడిగించారు. రెండు గడువులూ ఒకే రోజున పడ్డాయి. ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చే మెయిళ్లలో ఏది పోయిన ఏడాది రిటర్నుకు సంబంధించినదో, ఏది ఈ ఏడాది అడ్వాన్స్ ట్యాక్స్ సంగతో క్లయింట్‌కు ఒక్క చూపులో తెలియాలి.

చెప్పీ చెప్పకుండా రాసిన మెయిల్

ఇలాంటప్పుడు తరచుగా వెళ్లే మెయిల్ ఒకటి చూడండి.

‘ఇంతకుముందు పంపిన సమాచారంలో కొన్ని సాంకేతిక కారణాల వల్ల స్వల్ప వ్యత్యాసం చోటుచేసుకున్నట్టు గమనించడమైనది. సవరించిన వివరాలు ఈ మెయిల్‌కు జతచేయడమైనది. దయచేసి గమనించగలరు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’

మర్యాదకు లోటు లేదు. కానీ దీన్ని ఫోన్‌లో చదివిన వ్యాపారికి ఏం తెలిసింది? ఏ మెయిల్‌లో తప్పు ఉందో తెలియలేదు. ఏ అంకె తప్పో, సరైనది ఎంతో తెలియలేదు. అది తెలియాలంటే జతచేసిన ఫైలు తెరవాలి. దాని పేరు పాత ఫైలు పేరే అయితే, డౌన్‌లోడ్లలో పాతదే తెరుచుకోవచ్చు. ‘స్వల్ప’ అనే మాట వల్ల ఆయన ఆ ఫైలు తెరవడం కూడా వాయిదా వేస్తాడు. ఈయన విషయంలో తేడా సగానికి సగం. ఇప్పటికే 31,200 కట్టేసి ఉంటే ఏం చేయాలో ఒక్క ముక్కా లేదు.

‘సాంకేతిక కారణాలు’ అన్న మాట నష్టం ఇంకోలా చేస్తుంది. కారణం తెలియకపోతే క్లయింట్‌కు మిగతా అంకెల మీద కూడా అనుమానం మొదలవుతుంది. ఆదాయం అంచనా తప్పిందా? పన్ను రేటు మారిందా? జూన్‌లో కట్టింది కూడా తప్పేనా? జూన్ మొత్తాన్ని రెండుసార్లు తీసేశాం అని ఒక్క వాక్యంలో చెప్తే, తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆయనకే అర్థమవుతుంది.

తప్పు అంకెను పేరుపెట్టి చెప్పడానికి సంస్థలు వెనకాడతాయి. సరైనది చెప్తున్నాం కదా, పాతది మళ్లీ ఎందుకు గుర్తుచేయడం అనుకుంటాయి. కానీ చదివేవాడి మనసులో, గుమాస్తా వాట్సాప్‌లో, డైరీలో ఉన్నది పాత అంకే. దాన్ని ఎత్తి చూపి ‘ఇది తప్పు’ అనకపోతే, కొత్త అంకె వేరే ఏదో విషయానికి సంబంధించినదిగా తోచి రెండూ బతికే ఉంటాయి. 2024 ఫిబ్రవరి 13న అమెరికా క్యాబ్ కంపెనీ లిఫ్ట్ తన ఫలితాల ప్రకటనలో, లాభాల మార్జిన్ ఆ ఏడాది 500 బేసిస్ పాయింట్లు, అంటే 5 శాతం పాయింట్లు పెరుగుతుందని రాసింది. అసలు అంకె 50 బేసిస్ పాయింట్లు, అర శాతమే. ఒక సున్నా ఎక్కువ పడింది. మార్కెట్ ముగిశాక జరిగే ట్రేడింగ్‌లో షేరు 60 శాతానికి పైగా ఎగిరింది. అదే సాయంత్రం విశ్లేషకులతో కాల్‌లో కంపెనీ ఆర్థిక విభాగం అధిపతి ఎరిన్ బ్రూవర్, అది 500 కాదు 50 అని సవరించారు. ఎగిరినదాంట్లో చాలా భాగం అప్పుడే కరిగింది. ‘మార్జిన్ అంచనాలో స్వల్ప సవరణ’ అని ఊరుకుని ఉంటే ఎవరు ఏ అంకె మీద షేర్లు కొనేవారో ఊహించుకోండి.

చెప్పాల్సింది చెప్పిన మెయిల్

ఇప్పుడు మన ఉదాహరణలోని వ్యాపారికి వెళ్లాల్సిన మెయిల్ ఇది.

విషయం: సవరణ – సెప్టెంబర్ 15 అడ్వాన్స్ ట్యాక్స్ ₹62,400 (₹31,200 తప్పు)

నమస్కారం.

సెప్టెంబర్ 9, మంగళవారం మేము పంపిన మెయిల్‌లో మీ రెండో విడత అడ్వాన్స్ ట్యాక్స్ ₹31,200 అని రాశాం. అది తప్పు. సెప్టెంబర్ 15, సోమవారంలోగా మీరు కట్టాల్సిన రెండో విడత ₹62,400.

రెండో విడత ఇంకా కట్టకపోతే: ₹62,400 కట్టండి.

మా మెయిల్ చూసి ₹31,200 కట్టి ఉంటే: ఇంకో ₹31,200 వేరే చలానాగా కట్టండి. కట్టిన చలానా చెల్లుతుంది, దాన్ని మార్చాల్సిన పనిలేదు.

ఈ నెలలో వేరే మొత్తం కట్టి ఉంటే: ₹62,400లోంచి దాన్ని తీసేసి మిగిలింది కట్టండి.

లెక్క: ఏడాది పన్ను ₹2,08,000. అందులో 45 శాతం ₹93,600. జూన్‌లో మీరు కట్టింది ₹31,200. మిగిలింది ₹62,400.

జూన్‌లో మీరు కట్టిన మొత్తాన్ని మా షీటులో రెండుసార్లు తీసేశాం. తప్పు మాది, క్షమించండి. మీ ఆదాయం అంచనా, ఏడాది పన్ను, జూన్ చెల్లింపు సరిగ్గానే ఉన్నాయి. వాటిలో మార్పు లేదు.

9వ తేదీ మెయిల్‌ను, దాంతో వచ్చిన పీడీఎఫ్‌ను ఇక వాడకండి. మీ చెల్లింపులు చూసే అకౌంటెంట్‌కు ఈ మెయిల్ పంపండి. కట్టాక చలానా కాపీ మాకు పంపితే సరిచూసుకుంటాం.

మెయిల్ ఇంతే. దీంట్లో ప్రతి భాగం అక్కడ ఉండడానికి కారణం ఉంది.

విషయం వరుసలో ‘సవరణ’ అన్న మాట, విడత తేదీ, సరైన అంకె ముందు వచ్చాయి. ఫోన్‌లో ఆ వరుస మొదటి భాగమే కనిపిస్తుంది. మెయిల్ తెరవకపోయినా 62,400 కంట పడాలి. పాత మెయిల్‌కే జవాబుగా పంపితే జీమెయిల్‌లో అది పాతదాని కింద ముడుచుకుని, పైన పాత విషయమే కనిపిస్తుంది. అందుకే కొత్త మెయిల్, కొత్త విషయం. ‘అడ్వాన్స్ ట్యాక్స్’ అన్న మాట రిటర్ను మెయిళ్ల గుంపులోంచి దీన్ని వేరు చేస్తుంది.

తర్వాత మూడు సందర్భాలు. ఈ మెయిల్‌లో ప్రాణం అక్కడే ఉంది. మన లెక్కలో 31,200 అనే అంకె మూడు వేషాల్లో వస్తోంది. అది జూన్‌లో కట్టిన మొత్తం, తప్పుగా చెప్పిన సెప్టెంబర్ మొత్తం, ఇప్పుడు అదనంగా కట్టాల్సిన మొత్తం కూడా. ‘సరైన మొత్తం 62,400’ అని మాత్రమే రాస్తే, ఇప్పటికే 31,200 కట్టిన గుమాస్తా మరో 62,400 కట్టవచ్చు. లేదా ‘ఇంకా 31,200 కట్టాలి’ అని మాత్రమే రాస్తే, ఏమీ కట్టని వ్యాపారి ఆ ఒక్క 31,200 కట్టి ఊరుకోవచ్చు. రెండూ సరైన అంకెలే, రెండూ తప్పు చెల్లింపులకే దారితీస్తాయి. క్లయింట్ ఏ స్థితిలో ఉన్నాడో మనకు తెలియదు. అందుకే అన్ని స్థితులూ రాసి, తనది ఏదో ఆయననే ఎంచుకోనివ్వాలి. ప్రతి అంకె పక్కన అది దేనిదో చెప్పే మాట ఉండాలి.

కట్టిన చలానా చెల్లుతుందన్న వాక్యం చిన్నదే, అయినా తప్పనిసరి. అది లేకపోతే జాగ్రత్త కలిగిన అకౌంటెంట్ పాత చెల్లింపును రద్దు చేయించాలేమోనని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. ఒకే విడతకు రెండు చలానాలు కట్టడంలో ఏ ఇబ్బందీ లేదు, శాఖ లెక్కలో రెండూ కలుస్తాయి. రెండోది కట్టేటప్పుడు ఆదాయపు పన్ను పోర్టల్‌లో e-Pay Tax కింద మొదటిసారి ఎంచుకున్న రకమే, అంటే Advance Tax (100) ఎంచుకోవాలి. అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 ఉండాలి. రిటర్నుల హడావిడిలో ఉన్న గుమాస్తా అలవాటుగా 2025-26 నొక్కితే, డబ్బు పోయిన ఏడాది ఖాతాలో పడుతుంది. కొత్తగా కట్టేవాళ్లు ఎక్కువమంది ఉంటే ఈ రెండు వివరాలూ మెయిల్‌లోనే చేర్చడం మంచిది.

లెక్కను నాలుగు ముక్కల్లో చూపించడం వల్ల క్లయింట్‌కు మన మాట మీద నమ్మకంతో పనిలేకుండా తనే సరిచూసుకునే వీలు కలుగుతుంది. ఒకసారి తప్పు చెప్పిన ఆఫీసు రెండోసారి ‘నమ్మండి’ అనడం కన్నా, కూడికలూ తీసివేతలూ ముందు పెట్టడం న్యాయం. ఏవి మారలేదో చెప్పిన వాక్యం కూడా అందుకే. తప్పు ఈ ఒక్క చోటే ఉందని ఆయనకు అర్థం కావాలి.

క్షమాపణ ఒక్క వాక్యంలో ఉంది, అంకెల తర్వాత ఉంది. ‘పొరపాటు జరిగింది’ అనకుండా ‘తప్పు మాది’ అంది. మొదటి పేరా నిండా విచారం నింపితే, చెల్లించాల్సిన మొత్తం ఫోన్ తెర కిందికి జారిపోతుంది. ఏ ఉద్యోగి చేశాడన్నది క్లయింట్‌కు అక్కరలేదు. మెయిల్ ఆఫీసు పేరున వెళ్లింది, తప్పు కూడా ఆఫీసుదే.

ఆలస్యం ఖరీదు

ఈ తొందర అంతా ఎందుకో అంకెల్లో చూడవచ్చు. రెండో విడత విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. సెప్టెంబర్ 15 నాటికి 45 శాతం కాకపోయినా కనీసం 36 శాతం చేరితే 234సి సెక్షన్ కింద వడ్డీ పడదు. మన వ్యాపారికి 36 శాతం అంటే 74,880. తప్పు మెయిల్ ప్రకారం కడితే ఆయన మొత్తం 62,400 దగ్గరే, 30 శాతం దగ్గరే ఆగిపోతారు. ఒకసారి 36 కన్నా తగ్గితే వడ్డీని 45 శాతం నుంచి లెక్కిస్తారు. కొరత 31,200. నెలకు 1 శాతం చొప్పున మూడు నెలలకు 936 రూపాయలు.

మొత్తం చిన్నదే. కానీ ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి, ఆ మూడు నెలలు రోజుల లెక్క కాదు. మిగిలిన 31,200ను సెప్టెంబర్ 16న కట్టినా వడ్డీ 936 రూపాయలే. 15న కట్టి ఉంటే సున్నా. అందువల్ల సవరణ మెయిల్ విలువ గడువుకు ముందు ఒకటి, గడువు దాటాక మరొకటి. గడువు దాటాక తప్పు బయటపడితే మెయిల్‌లో ఇంకో వాక్యం రావాలి: ‘మా తప్పు వల్ల మీకు ఈ విడత మీద సుమారు ₹936 వడ్డీ పడుతుంది. దాన్ని మేము భరిస్తాం, మా ఫీజు బిల్లులో తగ్గిస్తాం.’ వడ్డీ సంగతి ఎత్తకుండా వదిలేస్తే, రిటర్ను వేసే రోజున అది కనిపించి అప్పుడు అడుగుతారు. అప్పటికి సంజాయిషీ దాపరికంలా వినిపిస్తుంది. అయితే హామీకి హద్దు కూడా రాయాలి. ఏడాది చివరికి వ్యాపారం పెరిగి ఆదాయం 20 లక్షలు దాటితే పడే వడ్డీ ఈ తప్పు వల్ల వచ్చింది కాదు.

తప్పు ఎదురు దిశలోనూ జరగవచ్చు. 62,400 బదులు 82,400 అని టైపు అయిందనుకుందాం. కట్టేసిన వారి డబ్బు 20,000 ఎక్కువగా వెళ్లింది. అది పోదు, ఏడాది పన్నులోనే జమ అవుతుంది. అలాంటప్పుడు మెయిల్‌లో చెప్పాల్సింది, ఇప్పుడేమీ చేయనక్కరలేదని, డిసెంబర్ విడత 62,400 బదులు 42,400 కడితే సరిపోతుందని. ‘తర్వాత సర్దుబాటు చేస్తాం’ అన్న మాట చాలదు. డిసెంబర్‌లో కట్టాల్సిన అంకెను ఇప్పుడే రాసి పెట్టాలి. ఎందుకంటే చేతిలో ఆడాల్సిన ఇరవై వేలు మూడు నెలలు బయట ఉన్నాయి, వ్యాపారికి ఆ లోటు లెక్కే.

ఇంకో రకం తప్పుకు ఈ మెయిల్ చాలదు. ఎక్సెల్‌లో పేర్ల కాలమ్‌ను ఒక్కదాన్నే అక్షర క్రమంలో సర్దితే, మొత్తాలు కదలక, ఒకరి పన్ను పక్కవారికి వెళ్తుంది. అప్పుడు అంకె తప్పడమే కాదు, ఒక క్లయింట్ ఆర్థిక వివరం మరొకరికి తెలిసిపోయింది. ఆ సంగతిని ఇద్దరికీ విడివిడిగా, ఫోన్ చేసి చెప్పాలి. సవరణ మెయిల్‌లో కలిపేసి దాటవేయకూడదు.

మెయిల్ వెళ్లాక

పంపించడంతో పని సగమే అయింది. మొదటి మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో, కాపీలో ఎవరున్నారో, సవరణ కూడా సరిగ్గా వాళ్లందరికీ వెళ్లాలి. యజమానికి సవరణ పంపి, చెల్లింపులు చేసే గుమాస్తాను మరచిపోతే, కట్టే చేతికి పాత అంకే తెలుసు. మొదటిసారి వాట్సాప్‌లో కూడా పంపి ఉంటే వాట్సాప్‌లోనూ సవరణ పెట్టాలి. అక్కడ పాత సందేశానికే జవాబుగా పెట్టడం మేలు, తప్పు అంకె పక్కనే సరైనది కనిపిస్తుంది.

తర్వాత ఒక జాబితా కావాలి. అరవై మందిలో జూన్‌లో కట్టినవాళ్లు నలభై ఐదుగురు అనుకుంటే, ఆ నలభై ఐదు పేర్లకు ఎదురుగా మూడు గళ్లు ఉండాలి: సవరణ అందిందన్నారా, ఎంత కట్టారు, జూన్‌తో కలిపి 45 శాతం వచ్చిందా. శుక్రవారం మధ్యాహ్నానికి జవాబు రానివాళ్లకు ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో కూడా కథ అవసరం లేదు. ‘అండీ, మంగళవారం మేము చెప్పిన 31,200 తప్పు. 62,400 కట్టాలి. ఇప్పటికే ఏమైనా కట్టారా?’ అని అడిగి, జవాబును బట్టి మిగిలిన మొత్తం చెప్పి, దాన్ని ఆయన నోటితో ఒకసారి అనిపించుకోవాలి. చలానా కాపీ వచ్చాక మొత్తంతో పాటు అసెస్‌మెంట్ సంవత్సరం కూడా చూసుకోవాలి.

జూన్‌లో కట్టనివాళ్లకు, అంటే సరైన అంకె అందుకున్న మిగతా పదిహేను మందికి ఏం చెప్పాలన్నది తరచూ వచ్చే సందేహం. వ్యాపారులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. పక్క దుకాణం వారికి సవరణ వచ్చిందని తెలిస్తే వీళ్లకూ అనుమానం వస్తుంది. ‘మీకు 9న పంపిన అంకె సరైనదే, అదే కట్టండి’ అని రెండు వాక్యాలు పంపడం మంచిది. ఆ మెయిల్ విషయంలో ‘సవరణ’ అన్న మాట ఉండకూడదు.

ఇదంతా అయ్యాక షీటు దగ్గరికి వెళ్లాలి. ఇ కాలమ్ తీసేసి, డి కాలమ్ శీర్షికను ‘జూన్ చెల్లింపు పోను ఇప్పుడు కట్టాల్సినది’ అని మార్చాలి. పక్కన పరీక్ష కోసం ఒక గడి పెట్టాలి: జూన్‌లో కట్టిందీ ఇప్పటిదీ కలిపితే 45 శాతం రాకపోతే అది ఎర్రగా మారాలి. డిసెంబర్‌లో ఆ గడిలోని 45 స్థానంలో 75 వస్తుంది. అప్పుడు తీసివేయాల్సింది జూన్, సెప్టెంబర్ రెండు చెల్లింపులనూ కనుక, ఒకటి మరచిపోయే అవకాశమూ, ఒకటి రెండుసార్లు తీసేసే అవకాశమూ ఇంకా పెరుగుతాయి. సవరణ అందుకున్న క్లయింట్లు డిసెంబర్ మెయిల్‌లో అంకెతో పాటు ఆ నాలుగు ముక్కల లెక్క కోసమూ చూస్తారు. ఆ లెక్కను ఇక ప్రతి మెయిల్‌లో, తప్పు జరగకపోయినా, రాయడమే సరైన పని. అప్పుడు అంకె ఎప్పుడు తప్పినా, పట్టుకోగలిగిన మనిషి ఆఫీసు బయట కూడా ఒకరు ఉంటారు.